తండ్రికీ కుమారునికీ మధ్య ఒక మాత్ర

వసుదేవుడు శ్రీకృష్ణునికి తండ్రి. వాసుదేవుడు అంటే ఆ వసుదేవుని కుమారుడు, అనగా శ్రీకృష్ణుడే. ఈ రెండు మాటలలోనూ హల్లులు అవే, వాటి వరుస కూడా అదే. మొదటి అక్షరంలోని అచ్చు ఒకచోట హ్రస్వం, మరొకచోట దీర్ఘం. తక్కినదంతా సమానమే. ద్వాదశాక్షరీ మంత్రాన్ని జపించే భక్తుడు ఆ ఒక్క అచ్చును కుదించి పలికితే నమస్కారం కుమారునికి గాక తండ్రికి చేరుతుంది. భగవంతుడు భావగ్రాహి గనుక దోషం లేదని పెద్దలు సమాధానం చెప్పవచ్చును. నేను దానిని కాదనను. కాని మాట అర్థం మాత్రం మారిపోయిందన్నది నిజం.

సంస్కృత పాఠాలు చెప్పడంలో నా జీవితంలో అధికభాగం గడిచింది. ఈ మధ్య కొన్ని సంవత్సరాలుగా నా వద్దకు వస్తున్నవారిలో ఇతర రాష్ట్రాలలోనూ విదేశాలలోనూ పెరిగిన తెలుగు పిల్లలు, వారితోపాటు ఉద్యోగ విరమణ చేసి స్తోత్రాలు నేర్చుకొనదలచిన పెద్దలు ఎక్కువగా ఉన్నారు. వీరిలో చాలామందికి నాలుక చక్కగానే తిరుగుతుంది. చిక్కంతా చెవిలో ఉన్నది. గురువు పలికిన దీర్ఘం దీర్ఘంగా వినబడనివానికి, దానిని దీర్ఘంగా పలకమని వందసార్లు చెప్పినా ప్రయోజనం ఉండదు. అందువల్ల ఈ వ్యాసంలో రెండు విషయాలు మనవి చేస్తాను. అచ్చు నిడివి మారితే అర్థం ఎందుకు మారుతుంది అన్నది మొదటిది. ఆ నిడివిని పట్టుకొనేటట్లు చెవిని ఎట్లా తయారుచేయాలి అన్నది రెండవది.

నిడివి అర్థాన్ని ఎందుకు మారుస్తుంది?

నోటిలో నాలుక నిలువగల స్థానాలు అనేకం లేవు. ఇ, ఉ, ఎ, ఒ, అ అనే ఐదు స్థానాలతో ఒక భాష తన అచ్చులను సమకూర్చుకొన్నదనుకొందాం. ప్రతి స్థానంలోనూ కొంచెంసేపు నిలిచేది ఒకటి, దానికి రెట్టింపుసేపు నిలిచేది మరొకటి అని విభజిస్తే, నాలుకకు కొత్త శ్రమ లేకుండానే ఐదు అచ్చులు పది అవుతాయి. మన తెలుగు చేసింది ఇదే. నెల వేరు, నేల వేరు. వెల వేరు, వేల వేరు. వరి పొలంలో ఉంటుంది, వారి అంటే ఆ మనుష్యులకు చెందినది. ఉరి ప్రాణాంతకం, ఊరి అంటే గ్రామానికి సంబంధించినది. మెడ మీద తల ఉంటుంది, మేడ మీద మనం ఉంటాం.

సంస్కృతంలోనూ ఇట్టి జంటలు ఎన్నో. దినం పగలు, దీనం జాలిగొలిపేది. కులం వంశం, కూలం నది ఒడ్డు. శిల రాయి, శీలం నడవడి. సుతుడు కుమారుడు, సూతుడు రథసారథి. కర్ణుణ్ణి సూతసుతుడు అనడంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండింటి నిడివులు తారుమారైతే సారథి కుమారుడు కాస్తా కుమారుని సారథి అయిపోతాడు.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన విశేషం కాదు. జపాను భాషలో ఒబసన్ అంటే పినతల్లి లేక మేనత్త వరుస స్త్రీ, ఒబాసన్ అంటే అమ్మమ్మ లేక నాయనమ్మ. నడివయసు స్త్రీని పలకరించేటప్పుడు ఒక మాత్ర ఎక్కువైతే ఆమెను ముసలమ్మను చేసినట్లే. అరబ్బీలో కతబ అంటే అతడు వ్రాశాడు, కాతబ అంటే ఇంకొకరితో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. ఫిన్లాండు భాషలో తులి నిప్పు, తూలి గాలి. ఈ భాషలకు ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. అయినా అన్నీ కాలాన్ని అర్థభేదానికి వాడుకొన్నాయి. ఇక మన పొరుగునే ఉన్న వంగభాషలో దిన, దీన అనే మాటలను వ్రాతలో వేరుగానే ఉంచుకొన్నారు గాని, పలుకులో ఆ భేదం నిలువలేదు. అంటే నిడివి భేదం భాషకు పుట్టుకతో వచ్చి శాశ్వతంగా ఉండేది కాదు. అది ఏర్పడవచ్చును, పోవచ్చును.

అది ఎట్లా ఏర్పడుతుందో మన వ్యాకరణంలోనే చూడవచ్చును. గిరి, ఇంద్ర అనే మాటలు కలిసినప్పుడు రెండు హ్రస్వ ఇకారాలు చేరి ఒక దీర్ఘమవుతాయి, గిరీంద్ర. గురు, ఉపదేశం కలిస్తే గురూపదేశం. ఒక్కొక్క మాత్ర గల రెండు అచ్చులు ఒకటై రెండు మాత్రల అచ్చుగా నిలిచాయి. ఇంకొక మార్గం మరింత విచిత్రమైనది. పునర్ అనే మాట తరువాత రమతే అనే మాట వచ్చినప్పుడు రెండు రేఫలు ఎదురుపడతాయి. అప్పుడు మొదటి రేఫ లోపించి, దాని ముందున్న అకారం దీర్ఘమై, పునా రమతే అవుతుంది. హల్లు పోయింది గాని అది ఆక్రమించిన కాలం పోలేదు. ఆ కాలాన్ని ముందున్న అచ్చు పుచ్చుకొన్నది.

తెలుగు చరిత్రలోనూ ఇట్టి మార్పు కనబడుతుంది. తమిళులు ఉరల్ అనేదానిని మనం రోలు అంటాం. వారి అవర్ మన వారు. అక్కడ మొదట ఉన్న రెండు హ్రస్వాచ్చులు ఇక్కడ ఒక దీర్ఘంలో ఇమిడిపోయాయి.

వసుదేవ, వాసుదేవ శబ్దాల మధ్య భేదం ఇంకొక తీరుది. సంస్కృతంలో ఒకని సంతానం అనే అర్థంలో ప్రత్యయం చేరినప్పుడు మాటలోని మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. అకారానికి వృద్ధి ఆకారం. జనకుని కుమార్తె జానకి, పర్వతుని కుమార్తె పార్వతి, రఘువంశంలో పుట్టినవాడు రాఘవుడు, వసుదేవుని కుమారుడు వాసుదేవుడు. ఇక్కడ దీర్ఘం రెండు మాటలను వేరుచేసి ఊరుకోవడం లేదు. 'ఫలానావారి బిడ్డ' అనే అర్థాన్ని తానే మోస్తున్నది. అందుచేతనే దానిని వినలేనివాడు మాటను మాత్రమే గాక బంధుత్వాన్ని కూడా పోగొట్టుకొంటాడు.

నిడివి అంటే ఎంత?

ఇక్కడ చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. దీర్ఘం ఎంతసేపు ఉండాలి? మామూలు మాటతీరులో హ్రస్వం సెకనులో సుమారు పదవ వంతు, దీర్ఘం సుమారు దానికి రెట్టింపు. కాని ఈ లెక్కను నమ్ముకొని కూర్చుంటే లాభం లేదు. తొందరగా మాట్లాడేవాని దీర్ఘం, నింపాదిగా మాట్లాడేవాని హ్రస్వమంతే ఉండవచ్చును. అయినా మనం పొరబడం. ఎందుకంటే చెవి కొలిచేది ఒంటరిగా ఉన్న అచ్చును కాదు. చుట్టూ ఉన్న అక్షరాల నడకను బట్టి ఈ అచ్చు ఒకింతా, రెండింతలా అని చూస్తుంది. నిడివి ఒక నిష్పత్తి.

మన శిక్షాశాస్త్రకారులు దీనిని చక్కగా గుర్తించారు. పాణిని హ్రస్వ దీర్ఘ ప్లుతాలను నిర్వచించేటప్పుడు ఏ గడియారాన్నీ ఆశ్రయించలేదు. ఉకారాన్నే ఒక మాత్రగా, రెండు మాత్రలుగా, మూడు మాత్రలుగా పలికి, ఆ కాలాలు గల అచ్చులకు ఆ పేర్లు పెట్టాడు. కోడి కూతలో ఈ మూడూ వరుసగా వినబడతాయని వ్యాఖ్యాతలు చెబుతారు. పాణినీయ శిక్ష మరికొన్ని ఉపమానాలు ఇచ్చింది. పాలపిట్ట ఒక మాత్ర, కాకి రెండు మాత్రలు, నెమలి మూడు మాత్రలు పలుకుతాయని, ముంగిసది అర్ధమాత్ర అని అందులో ఉన్నది. పిల్లలకు కాకి కూత, నెమలి కేక పక్కపక్కన అనుకరించి చూపితే అంకెలు చెప్పనక్కరలేకుండానే మాత్రల భేదం బోధపడుతుంది.

శిక్షాశాస్త్రంలో ద్రుత, మధ్యమ, విలంబిత అనే మూడు వేగాలు కూడా ఉన్నాయి. తాను వల్లెవేసుకొనేటప్పుడు ద్రుతం, ప్రయోగంలో మధ్యమం, శిష్యునికి ఉపదేశించేటప్పుడు విలంబితం వాడుకోవాలని విధించారు. వేగం ఏదైనా హ్రస్వ దీర్ఘాల నిష్పత్తి చెడకూడదు. చెవి సాధనకంతటికీ ఈ నియమమే ఆధారం. ఒకే వేగంలో దీర్ఘాన్ని గుర్తించగలిగినవానికి ఆ వేగపు అలవాటు వచ్చింది గాని, దీర్ఘం వినడం ఇంకా రాలేదు.

పిలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంస్కృతంలో సంబోధన గోవింద అని హ్రస్వాంతం. తెలుగులో పిలిచేటప్పుడు గోవిందా అని చివర దీర్ఘమిస్తాం. కొండ ఎక్కుతూ కేకవేసినప్పుడు ఆ చివరి అచ్చు ఇంకా సాగుతుంది. దూరాన ఉన్నవానిని పిలిచే వాక్యం చివరి అచ్చుకు మూడు మాత్రల ప్లుతం పాణిని కూడా విధించాడు. ఈ సాగుదల పిలుపుకు గుర్తు. దానివల్ల మాట అర్థం మారదు. మాట చివర వచ్చే ఇట్టి సాగుదలను, మాట లోపల అర్థాన్ని మార్చే దీర్ఘాన్ని అభ్యాసకుడు వేరుచేసి చూడాలి.

చెవి ఎందుకు వినదు?

చెవికి లోపమేమీ లేదు. దానికి వేరొక అలవాటు ఉన్నది. ఆంగ్లంలో బీట్, బీడ్ అనే మాటలను జాగ్రత్తగా వింటే రెండవదానిలో అచ్చు ఎక్కువసేపు ఉంటుంది. తరువాతి హల్లు పరుషమా సరళమా అన్నదానిని బట్టి ఆ నిడివి తనంతట తాను మారుతుంది. మరి ఆంగ్లంలో ఓడకూ గొర్రెకూ వాడే షిప్, షీప్ అనే మాటల మాటేమిటని అడగవచ్చును. వాటిలో నిడివితోపాటు నాలుక స్థానం కూడా మారుతుంది. ఆ భాషలో పెరిగిన బిడ్డ చెవి ప్రధానంగా ఆ స్థానభేదాన్ని పట్టుకొని, నిడివిని పక్కకు నెట్టివేయడం నేర్చుకొన్నది. తెలుగులో నెల, నేల అన్నప్పుడు నాలుక స్థానం దాదాపు ఒక్కటే, మిగిలింది నిడివి. బిడ్డ చెవి తనకు అక్కరలేదని నేర్చుకొన్నది సరిగ్గా దానినే.

హిందీ వాతావరణంలో పెరిగిన పిల్లల చిక్కు వేరు. హిందీలో ఇ ఈ, ఉ ఊ భేదాలున్నాయి. కాని ఎ ఏ, ఒ ఓ అనే జంటలు అర్థభేదకాలుగా లేవు. సంస్కృతంలోనూ ఏకార ఓకారాలు ఎప్పుడూ దీర్ఘాలే, వాటికి హ్రస్వరూపం లేదు. కనుక ఆ పిల్లలు సంస్కృత శ్లోకం శుద్ధంగా చెప్పగలుగుతారు గాని తెలుగులో నెల, నేల దగ్గర, కొన, కోన దగ్గర తడబడతారు. నేర్చుకొనేవారు ఏ భాషలో పెరిగారో ముందుగా తెలుసుకొంటే, ఏ జంట దగ్గర ఆగిపోతారో చాలావరకు ఊహించవచ్చును.

అకారం విషయంలో ఒక మెలిక ఉన్నది. హ్రస్వ అకారం పలికేటప్పుడు నోరు కొంత మూసుకొని ఉంటుంది, దానిని సంవృతం అన్నారు. ఆకారానికి నోరు బాగా తెరుచుకొంటుంది, అది వివృతం. అష్టాధ్యాయిలోని చివరి సూత్రం ఈ హ్రస్వ అకారపు సంవృతత్వాన్ని చెప్పడానికే ఉన్నది. అందుచేత వరి, వారి అనే జంటలో నిడివితోపాటు ధ్వని స్వరూపం కూడా కొంత మారుతుంది. నిడివి వినలేనివాడు కూడా ఈ జంటను సులభంగా గుర్తిస్తాడు. దానిని చూసి చెవి తయారైందని ఉపాధ్యాయుడు భ్రమపడరాదు.

ఒక బాలుని సాధన

గత వేసవిలో అమెరికాలో పుట్టి పెరిగిన తొమ్మిదేళ్ళ బాలుణ్ణి వాళ్ళ అమ్మమ్మ మా ఇంటికి తీసుకొనివచ్చింది. "పంతులుగారూ, వీడికి విష్ణు సహస్రనామం మొదలుపెట్టండి" అన్నది. బాలుడు తెలుగు మాట్లాడతాడు, అక్షరాలు కూడబలుక్కొని చదువుతాడు. వాసుదేవ అని పుస్తకంలో చూసి కొంతవరకు సరిగానే పలికాడు. పుస్తకం మూసి, నేను పలికినది తిరిగి చెప్పమంటే వసుదేవ, వాసుదేవ రెండూ ఒకే తీరుగా వచ్చాయి. స్తోత్రాన్ని పక్కన పెట్టి నాలుగు వారాలు రోజుకు పావుగంట చొప్పున చెవి పాఠమే చెప్పాను.

మొదటి మెట్టు 'ఒకటా, వేరా' అనే పరీక్ష. నేను రెండు మాటలు చెబుతాను. అవి ఒకటే అయితే "ఒకటే" అనాలి, కాకపోతే "వేరు" అనాలి. మాటను ఒంటరిగా చెప్పకుండా ఒక చిన్న వాక్యంలో పొదిగాను. "మళ్ళీ నెల చెప్పు, మళ్ళీ నేల చెప్పు" అన్నట్లుగా. దీనికి కారణమున్నది. ఒంటరి మాట చివర గొంతు విశ్రమిస్తుంది గనుక చివరి అచ్చు దానంతట అదే సాగుతుంది, కొలత చెడుతుంది. వాక్యం మధ్యలో ఉంచితే ముందువెనుకల అక్షరాలే చెవికి కొలబద్దలవుతాయి. పది ప్రశ్నలలో ఐదు ఒకటే, ఐదు వేరు. వాటి వరుసను ముందుగానే కాగితం మీద వ్రాసుకొన్నాను. అప్పటికప్పుడు అనుకొని చెబితే మనకు తెలియకుండానే ఒకటి విడిచి ఒకటి వస్తుంది, పిల్లలు ఆ వరుసను పసిగడతారు.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. ఏమీ వినబడకుండా ఊహించి చెప్పినా పదింటికి ఐదు సరిపోతాయి. కనుక ఆరు వచ్చాయని సంతోషించరాదు. ఊహ మీద తొమ్మిదిగాని పదిగాని సరిపోవడం నూరు పర్యాయాలలో సుమారు ఒక్కసారే జరుగుతుంది. అందుచేత రెండు రోజులు వరుసగా తొమ్మిదికి తగ్గకుండా వస్తేనే పై మెట్టుకు వెళ్ళడం నా పద్ధతి. ఈ బాలునికి మొదటి రోజున వరి, వారి జంటలో తొమ్మిది వచ్చాయి. విడు, వీడు జంటలో ఆరు. నెల, నేల జంటలో ఐదు. అకారంలో అతనికి సాయపడింది నోటి తెరుపు. ఆ సాయం లేనిచోట అతడు ఊహిస్తున్నాడని తేలిపోయింది.

రెండవ మెట్టులో పోలిక ఉండదు. ఒక్క మాటే చెప్పి, అది ఏదో చూపమనాలి. గోడ మీది క్యాలెండరు నెలకు గుర్తు, కింద గచ్చు నేలకు గుర్తు. నేను "మళ్ళీ నేల చెప్పు" అంటే అతడు గచ్చును చూపాలి. ఇది మొదటిదానికంటే చాలా కష్టం. ఎందుకంటే పక్కన పోల్చుకొనే రెండవ మాట లేదు. పొరపాటు చేసినప్పుడు వెంటనే సరియైన సమాధానం చెప్పి, రెండు మాటలనూ మరొకసారి వినిపించాను. తప్పు అని మాత్రమే చెప్పి ఊరుకొంటే చెవికి ఏమీ దక్కదు. రెండవ వారం చివరకు ఈ జంటలో అతనికి తొమ్మిది వచ్చాయి.

అప్పుడు అమ్మమ్మను చెప్పమన్నాను. ఆమె పలుకు నాకంటే వడి. బాలునికి మళ్ళీ ఆరుకు పడిపోయింది. "తాతగారు చెబితే తెలుస్తుంది, అమ్మమ్మ చెబితే తెలియడం లేదు" అన్నాడు. అతడు నేర్చినది నా నడకను. మూడవ మెట్టు అవసరమైనది ఇందుకే. మూడవ వారమంతా నేను, అమ్మమ్మ, మా కోడలు, పక్కింటి విద్యార్థి వంతులవారీగా, ఒకసారి నిదానంగా, ఒకసారి వడిగా అవే జంటలను చెప్పాము. వేగం మారినప్పుడల్లా మొదట తడబడి, తరువాత నిలదొక్కుకొన్నాడు. ఇన్ని గొంతులు ఇంట్లో లేనివారు బంధువుల చేత ఫోనులో ఆ వాక్యాలు చదివించి రికార్డు చేసుకొనవచ్చును.

నాలుగవ మెట్టులో బలాన్ని నిడివి నుండి విడదీశాను. ఆంగ్లపు అలవాటున్న చెవి గట్టిగా పలికినదానిని దీర్ఘమనుకొంటుంది. కనుక హ్రస్వాన్ని గట్టిగా, దీర్ఘాన్ని మెల్లగా పలికి పరీక్షించాలి. "మళ్ళీ నెల చెప్పు" అనేదానిలో నెల శబ్దాన్ని హెచ్చుస్వరంతో, నేల శబ్దాన్ని తగ్గుస్వరంతో అన్నాను. మొదటి రోజున రెండూ తారుమారు చేశాడు. అతడు అంతవరకు కొంత బిగువును కూడా వింటున్నాడని అప్పుడు తెలిసింది. ఐదు రోజులలో అది సర్దుకొన్నది.

చివరిది ఉక్తలేఖనం. నేను చెప్పిన పది మాటలను అతడు వ్రాయాలి, తరువాత అతడు చెప్పిన పది మాటలను జాబితా చూడకుండా అమ్మమ్మ వ్రాయాలి. ఆమె వ్రాసినది జాబితాతో సరిపోతే అతని పలుకు సరియైనదన్నమాట. నోటి పరీక్షకు ఇంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. గురువుకు శిష్యుడు ఏమి చెప్పబోతున్నాడో ముందే తెలుసు గనుక తప్పును కూడా ఒప్పుగా వింటాడు. నెల చివర బాలుడు వసుదేవ, వాసుదేవ శబ్దాలను వినగానే విడదీశాడు. అతడు పలికినప్పుడు అమ్మమ్మ పొరబడలేదు. వేగంగా సాగే సంభాషణలో మాత్రం ఎ ఏ, ఒ ఓ దగ్గర ఇంకా అప్పుడప్పుడు జారుతున్నాడు. దానికి నాలుగు వారాలు చాలవు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువ హాని చేసేది ఉపాధ్యాయుని ఆత్రుత. దీర్ఘం తెలియాలని నాలుగైదు మాత్రలు సాగదీసి చెబుతారు. శిష్యుడు ఆ అతిదీర్ఘాన్నే దీర్ఘమని గుర్తుపెట్టుకొని, మామూలు దీర్ఘం వినగానే హ్రస్వమంటాడు. మొదటి రెండు రోజులు కొంచెం సాగదీసినా, తరువాత రెండింతల నిష్పత్తికి తప్పక దిగిరావాలి.

రెండవది, పాట ద్వారా నిడివి నేర్పబూనడం. భజనలోనూ కీర్తనలోనూ హ్రస్వాక్షరం మీద కూడా రాగం సాగుతుంది, తాళం కోసం దీర్ఘం కుదించుకొంటుంది. అది గానధర్మం. చెవికి కొలత నిలిచేవరకు వచనంగానే చదివి, తరువాత పాడుకోవడం మంచిది.

మూడవది, గురువును దీర్ఘమనుకోవడం. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు. విష్ణు శబ్దంలో మొదటి అక్షరం గురువే. కాని అందులోని ఇకారం హ్రస్వమే. అక్షరానికి బరువు తెచ్చినది వెనుక ఉన్న జంట హల్లు. ఈ తేడా తెలియనివారు వీష్ణు అని సాగదీస్తారు. అక్షరం బరువు వేరు, అచ్చు నిడివి వేరు.

మాట చివరి దీర్ఘాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంస్కృతంలో విష్ణూ అంటే ఇద్దరు విష్ణువులు, హరీ అంటే ఇద్దరు హరులు. తెలుగు పిలుపు అలవాటుతో శ్లోకం మధ్యలో చివరి అచ్చును సాగదీస్తే ఏకవచనం ద్వివచనమయ్యే ప్రమాదమున్నది.

ఇంటి వద్ద ప్రారంభించదలచినవారికి ఈ క్రమం సూచిస్తాను. మొదట వరి, వారి. తరువాత విడు, వీడు. ఆ తరువాత ఉరి, ఊరి. అటుపిమ్మట నెల, నేల, మెడ, మేడ. చివరగా కొన, కోన. ఇవి కుదిరిన తరువాత సంస్కృతపు జంటలైన దిన, దీన, కుల, కూల, సుత, సూత, వసుదేవ, వాసుదేవ చేపట్టవచ్చును. రోజుకు ఒక్క జంట, ఇరవై ప్రశ్నలు, పావుగంట చాలు. ప్రశ్నల వరుసను, వచ్చిన సమాధానాలను ఒక పుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచండి. ఏ జంట దగ్గర లెక్క పదింటికి ఐదారు దాటకుండా నిలిచిపోయిందో ఆ పుస్తకమే చూపుతుంది. మరునాటి పాఠం అక్కడి నుండి మొదలుపెట్టాలి.